వరద నుంచి ముఆవజా దాకా: ఒక పీహెచ్‌డీ ప్రతిపాదన ప్యానెల్ ముందుకు వెళ్లేలోపు ఏం మారింది

ఇది చరిత్ర విభాగంలో పీహెచ్‌డీ ప్రవేశానికి వెళ్లిన, మేం తయారీలో సాయం చేసిన ఒక అభ్యర్థి కేసు. ఆమె ఎవరో, ఏ విశ్వవిద్యాలయమో గుర్తుపట్టే వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. ప్రతిపాదనలోని చరిత్ర, ఆధారాల గొడవ మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాం. నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది.

నేపథ్యం

అభ్యర్థి హైదరాబాద్‌లోనే ఎంఏ చరిత్ర చదివింది. మాతృభాష తెలుగు. ఇంగ్లిష్‌లో రాయగలదు. అచ్చు ఉర్దూ నెమ్మదిగా చదవగలదు, చేతిరాత ఉర్దూ అలవాటు లేదు. యూజీసీ నెట్ పరీక్షలో పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చింది, ఫెలోషిప్ రాలేదు. అలాంటివాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. నెట్ మార్కులు వచ్చేశాయి కాబట్టి ఇక మార్చగలిగింది ఆ 30 మాత్రమే. ప్యానెల్ ఇచ్చిన సమయం మాట్లాడటానికి పది నిమిషాలు, ప్రశ్నలకు మరో పది.

ప్యానెల్ మనసులో ఇంకో లెక్క కూడా ఉంటుందని అభ్యర్థులకు సాధారణంగా తెలియదు. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పరిశోధకులే ఉండొచ్చు. అంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒక సీటును ఆరేళ్ల దాకా ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకుంటున్నారు. 'విషయం ఎంత గొప్పది' అనేదానికంటే 'ఈ పని మా దగ్గర పూర్తవుతుందా' అనే ప్రశ్న వాళ్లకు దగ్గరగా ఉంటుంది.

తెచ్చిన సమస్య

మొదటి ప్రతిపాదన పేరు '1908 మూసీ వరద: హైదరాబాద్ నగరంపై సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక ప్రభావం, 1908–1948'. స్లైడ్లు ఇరవై రెండు. మాక్ ప్రెజెంటేషన్‌లో మొదటి ఏడు నిమిషాలూ వరద కథే నడిచింది. 1908 సెప్టెంబర్ 28, తెగిన చెరువులు, కొట్టుకుపోయిన వంతెనలు, నిలబడ్డ పురానాపూల్, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాక, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. చెప్పిన తీరు బాగుంది. కానీ ఇవన్నీ ప్యానెల్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసినవే.

పాత పరిశోధన వదిలేసిన ఖాళీని చూపే గ్యాప్ ఎనిమిదో నిమిషంలో వచ్చింది. ఒకే వాక్యం: 'మూసీ వరద వల్ల నిర్వాసితులైనవారి గురించి ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు.' ఆ వెంటనే తొమ్మిది పరిశోధనా ప్రశ్నలు, ఏ పని ఎప్పుడో గీతలుగా చూపే గాంట్ చార్టు ఒకటి. అక్కడికి టైము అయిపోయింది.

మాక్‌లో కూర్చున్న ఒక పెద్దాయన అడిగింది ఒక్కటే: "నిర్వాసితులయిండ్రని అంటున్నవ్ గద అమ్మా, వరదకు ముందు ఆ ఇండ్లల్ల ఎవరుండ్రో నీకెట్ల తెలుస్తది?"

సమాధానం లేదు. తర్వాత జరిగిన మార్పులన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగాయి.

ముందు చేసినవి, పని చేయనివి

మొదట సహజంగా తోచింది కోత. ఇరవై రెండు స్లైడ్లను పన్నెండు చేశారు, వరద కథను మూడు నిమిషాలకు తగ్గించారు. రెండో మాక్‌లో సమయం సరిపోయింది, ప్రశ్నలు మాత్రం అవే వచ్చాయి. నిజానికి ఇంకా పదునుగా వచ్చాయి, ఎందుకంటే కథ తగ్గేసరికి బలహీనమైన గ్యాప్ బయటికి కనబడింది. ప్రెజెంటేషన్ పొడవు జబ్బు కాదు, జబ్బు లక్షణం. చెప్పడానికి గట్టి ప్రశ్న లేనప్పుడు నేపథ్యం ఆ చోటంతా ఆక్రమిస్తుంది.

రెండోది, గ్యాప్‌ను 'స్థలం' ద్వారా కాపాడుకోవాలని చూడటం. బొంబాయిలో 1896 ప్లేగు తర్వాత 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వచ్చింది. అది వాడలు కూల్చి, రోడ్లు వేసి, జనాన్ని ఎలా కదిలించిందో చరిత్రకారులు చాలా రాశారు. 'బొంబాయి మీద ఉంది, హైదరాబాద్ మీద లేదు' అని అభ్యర్థి గ్యాప్‌ను మార్చి రాసింది. చూడ్డానికి ఇది నిజాయితీగానే ఉంది. కానీ ఒక ఊళ్లో జరిగిన పనిని ఇంకో ఊళ్లో మళ్లీ చేస్తే కొత్తగా ఏం తెలుస్తుందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. వరంగల్ మీదా లేదు, గుల్బర్గా మీదా లేదు. ఊరు మారితే ప్రశ్న స్వభావమే మారుతుందని చూపించగలిగినప్పుడే స్థలం గ్యాప్ అవుతుంది.

మూడోది జనాభా లెక్కలు. 1911లో నగర జనాభా సుమారు ఐదు లక్షలు, 1921లో సుమారు నాలుగు లక్షలు. ఈ తగ్గుదలను అభ్యర్థి నిర్వాసనకు ఆధారంగా పెట్టింది. స్లైడ్ మీద బాగా కనిపించే గ్రాఫ్. ఇది మాత్రం ప్రమాదం. ఆ పదేళ్లలో ప్లేగు ఉంది, 1918 ఇన్‌ఫ్లుయెంజా ఉంది. పైగా మొదటి అంకె 1911ది, వరద 1908ది. వరద వల్ల వెళ్లిపోయినవాళ్లు 1911 లెక్కకు ముందే వెళ్లిపోయి ఉంటారు. ఆ గ్రాఫ్ పెట్టి ఉంటే ప్యానెల్‌లో ఎవరో ఒకరు అర నిమిషంలో దాన్ని పడగొట్టేవారు, మిగతా తొమ్మిదిన్నర నిమిషాల మీదా నమ్మకం పోయేది. తీసేశారు.

నాలుగోది మౌఖిక చరిత్ర. 'పాత కుటుంబాలను ఇంటర్వ్యూ చేస్తాను' అని పద్ధతిలో ఉండేది. 1912లో ఇల్లు ఖాళీ చేసిన మనిషి ఇప్పుడు లేడు. దొరికేది మూడో, నాలుగో తరం చెప్పే మాట. అది జ్ఞాపకం మీద పరిశోధనకు పనికొస్తుంది, ఎవరికి ఎంత పరిహారం ముట్టిందో చెప్పదు. పైగా మనుషులతో పని అంటే ఎథిక్స్ అనుమతి, దానికి పట్టే నెలలు. అదీ పక్కకు పోయింది. ఈ నిర్ణయం మీద అభ్యర్థి కొంచెం బాధపడింది. ప్రతిపాదనలో మనుషులు కనబడే భాగం అదొక్కటే అనుకుంది.

మలుపు: 'ముందు' ఎక్కడుంది?

పెద్దాయన ప్రశ్నను అభ్యర్థి ఒక కాగితం మీద రాసుకుని, తన దగ్గరున్న ఆధారాలను ఒక్కొక్కటిగా దానికి ఎదురు పెట్టింది. ఈ పని రెండు గంటలు పట్టింది. మొత్తం తయారీలో అన్నింటికంటే ఫలితమిచ్చిన రెండు గంటలు అవే.

ఆమె ప్రధాన ఆధారం లియొనార్డ్ మన్ సర్వేలో తయారైన నగర పటాలు. ఇల్లిల్లూ గీసి చూపే వివరమైన పటాలవి. కానీ ఆ సర్వే జరిగింది 1912–15 మధ్య. అంటే వరద వచ్చి నాలుగేళ్లయ్యాక. వరదకు ముందు ఒడ్డున ఏముందో ఆ పటాలు చెప్పలేవు, వరద తీసుకుపోగా మిగిలిందే చూపుతాయి. ఇంతకాలం ఆమె 'ముందు' అనుకుంటున్నది నిజానికి 'తర్వాత'.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, వరదకు ముందటి వివరాలు చెప్పే వేరే ఆధారం వెతకడం. ఉంటే మంచిదే. కానీ దొరుకుతుందన్న భరోసా లేకుండా ప్రతిపాదన మొత్తాన్ని దాని మీద నిలబెట్టలేం. రెండోది, చేతిలో ఉన్న పటం దేనికి నిజంగా 'ముందు' అవుతుందో అడగడం. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, సీఐబీ అని జనం ఇప్పటికీ పిలిచేది. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు వాడలు తొలగించడం, పత్తర్‌గట్టి లాంటి కొత్త బజారు వీధి కట్టడం దాని పనులు. మన్ పటాలు సరిగ్గా ఆ పనులు మొదలయ్యే రోజుల్లో గీసినవి. వరదకు అవి 'తర్వాత' అయినా, మండలి చేసిన కూల్చివేతలకు 'ముందు' అవుతాయి.

అంతే, ప్రశ్న వరద మీద నుంచి మండలి భూసేకరణ మీదికి జరిగింది. వరద నేపథ్యంలోకి వెళ్లి ఒక్క వాక్యం అయింది. నది ఎత్తుకుపోయిన ఇళ్లకు దస్త్రం ఉండే అవకాశం తక్కువ. ప్రభుత్వం తీసుకున్న ఇంటికి మాత్రం దస్త్రం ఉండి తీరాలి, ఎందుకంటే డబ్బు చేతులు మారింది. హైదరాబాద్ రాజ్యానికి, అది వాడిన ఫస్లీ సంవత్సరాల లెక్కలో 1309 నాటి, సొంత భూసేకరణ చట్టం ఉంది. యజమాని ఎవరు, ఎంత అడిగాడు, ఎంత ఇచ్చారు, ఏం అభ్యంతరం చెప్పాడు అన్నవి ముఆవజా ఫైళ్లలో ఉండాలి. ముఆవజా అంటే పరిహారం.

'ఉండాలి' అన్న మాట ప్యానెల్ ముందు చెల్లదు. అందుకే చిన్న పరీక్ష.

నాలుగు రోజుల పైలట్

అభ్యర్థి తన ఎంఏ విభాగం నుంచి పరిచయ లేఖ తీసుకుని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు నాలుగు రోజులు వెళ్లింది. లక్ష్యం పరిశోధన కాదు. మూడు సంగతులు తెలుసుకోవాలి: ఫైళ్లు జాబితాలో ఉన్నాయా, తెప్పిస్తే వస్తున్నాయా, చదవడానికి ఎంతసేపు పడుతోంది.

మొదటి రోజు వృథా అయింది, కారణం చెప్పుకోదగ్గది. జాబితాలు ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని ఆమెకు తెలుసు. కానీ హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో మొదలవుతుంది. 1318 ఫస్లీ అంటే 1908 అక్టోబర్ నుంచి 1909 అక్టోబర్ దాకా. సెప్టెంబర్ 28న వచ్చిన వరద 1317 ఫస్లీ ముగియడానికి వారం రోజుల ముందు పడింది. వరద నాటి తొలి కాగితాల కోసం ఆమె రోజంతా 1318లో వెతికింది. ఈ పొరపాటు తర్వాత ఒక స్లైడ్ మూలలో చిన్న పట్టికగా పనికొచ్చింది. ఆధారాలను చేత్తో ముట్టుకున్న మనిషని ప్యానెల్‌కు తెలియడానికి అలాంటి ఒక్క గుర్తు చాలు.

మిగతా మూడు రోజుల్లో తొమ్మిది ఫైళ్లకు చీటీలు పెడితే ఆరు వచ్చాయి. ఆరింటిలో రెండు ఇంగ్లిష్, ఒకటి శుభ్రమైన ఉర్దూ చేతిరాత, మూడు షికస్తా. షికస్తా అంటే చుక్కలు వదిలేసి, అక్షరాలు కలిపేసి, గుమాస్తా వేగంగా రాసిన రాత. వాటిలో నలభై ఆకుల ఫైలు ఒకటి, చదవడం తెలిసిన మాస్టారు పక్కన కూర్చుంటే, రెండు రోజుల్లో ముగిసింది.

ఈ 'రెండు రోజులకు ఒక ఫైలు' అన్న లెక్క ప్రణాళిక మొత్తాన్ని మార్చేసింది. మొదటి ప్రతిపాదనలో 'సుమారు 600 ఫైళ్లు పరిశీలిస్తాను' అని ఉండేది. ఫైలుకు రెండు రోజులంటే 1200 పనిదినాలు. సెలవులు, కోర్స్‌వర్క్ తీసేస్తే ఆరేళ్ల గరిష్ఠ గడువు మొత్తం చదవడానికే చాలదు. ఏడాదికి వంద రోజులు ఆర్కైవ్స్‌లో కూర్చోగలిగితే, రెండేళ్లలో వంద ఫైళ్లు. కాబట్టి ప్రతిపాదన వంద ఫైళ్లదే కావాలి. నలభై ఏళ్లు, నగరం మొత్తం కుదరదు. రెండు చోట్లు, ఇరవై ఏళ్లు.

పని చేసిన రూపం

చివరి శీర్షిక: 'ముఆవజా ఎవరికి? హైదరాబాద్ నగరాభివృద్ధి మండలి భూసేకరణ, పత్తర్‌గట్టి, నాంపల్లి, 1321–1340 ఫస్లీ'. ఏడు స్లైడ్లు.

మొదటి స్లైడ్‌కు ఒక నిమిషం. శీర్షిక, కింద ఒక వాక్యం: 'వరద తర్వాత నగరాన్ని మళ్లీ కట్టిన మండలి ఎవరి భూమి తీసుకుంది, ఎవరికి డబ్బిచ్చింది, ఎవరికి ఇవ్వలేదు?' వరద గురించి ఇక్కడే ఒక్క ముక్క, అంతకుమించి లేదు.

రెండో స్లైడ్‌కు రెండు నిమిషాలు: ఇంతవరకు తెలిసింది. పుస్తకాల పేర్లు వరసగా చదవకుండా రెండు గుంపులు చేసింది. ఒక గుంపు మండలిని ఇంజనీరింగ్, వాస్తు, సంస్థాన పాలన వైపు నుంచి చూసింది. దాని ఆధారాలు ఎక్కువగా అచ్చయిన వార్షిక నివేదికలు, ఇంగ్లిష్ కాగితాలు. రెండో గుంపు బొంబాయి, కలకత్తా ట్రస్టులను నిర్వాసితుల వైపు నుంచి చూసింది. ప్రతి గుంపు పక్కనా 'ఈ ఆధారంతో ఏం అడగలేం' అని ఒక వరస. సాహిత్య సమీక్షను రచయితల జాబితాగా కాకుండా ఆధారాల జాబితాగా మార్చడం ఈ కేసులో నాకు అన్నింటికంటే నచ్చిన మార్పు. దాంతో గ్యాప్ మూడో స్లైడ్‌లోకి దానంతటదే నడిచొచ్చింది.

మూడో స్లైడ్, గ్యాప్, ఒక నిమిషం. వాక్యం ఇలా తయారైంది: 'నేను చూసిన పనుల్లో మండలి ఏం కట్టిందో తెలుస్తోంది, ఎవరి చోట కట్టిందో తెలియడం లేదు. బొంబాయి ప్రశ్నలను ఇక్కడ నేరుగా వాడలేం, ఎందుకంటే హైదరాబాద్ నగరంలో మామూలు సొంతదారుల ఇళ్ల పక్కనే సర్ఫెఖాస్ భూములు, పాయిగాల, జాగీర్దారుల దేవిడీలు ఉన్నాయి. హక్కులు ఇన్ని రకాలున్న చోట పరిహారం అన్న మాటకే అర్థం మారుతుంది.' సర్ఫెఖాస్ నిజాం సొంత ఖజానాకు చెందిన ఆస్తి. పాయిగాలు నిజాం కింది పెద్ద ప్రభువంశాలు, దేవిడీలు అలాంటివాళ్ల భవంతులు. రాజ్యం రాజు సొంత భూమిని తీసుకుంటే ముఆవజా ఎవరు ఎవరికి ఇస్తారు? ఈ ప్రశ్న బొంబాయిలో పుట్టదు. ఊరి పేరు మారడం వల్ల ప్రశ్న ఎలా మారుతుందో ఇక్కడ కనబడింది. రెండో ప్రయత్నంలో లేనిది ఇదే.

'ఎవరూ చేయలేదు' అన్నది పోయి 'నేను చూసిన పనుల్లో' అన్నది వచ్చింది. ఎవరూ చేయలేదన్నదాన్ని ప్యానెల్‌లో ఒకరు ఒక్క వ్యాసం పేరు చెప్పి కొట్టేయగలరు. రెండోదాన్ని కొట్టేయలేరు. కొత్త వ్యాసం పేరు చెబితే అభ్యర్థి రాసుకుంటుంది, అంతే.

నాలుగో స్లైడ్, ప్రశ్నలు, నిమిషంన్నర. తొమ్మిది మూడయ్యాయి. ఒకటి, ఈ రెండు చోట్ల మండలి తీసుకున్న ఆస్తుల మీద ఎలాంటి హక్కులున్నాయి? రెండు, అడిగిన మొత్తానికి, ఇచ్చిన మొత్తానికి మధ్య తేడా హక్కు రకాన్ని బట్టి ఎలా మారింది? మూడు, అభ్యంతరాలు ఏ మాటల్లో చెప్పుకున్నారు, వాటికి ఏ జవాబు వచ్చింది? తొమ్మిదింటిలో ఏవి ఉంచాలన్నదానికి ఒకే కొలత వాడారు: ఈ ప్రశ్నకు జవాబు ఏ కాగితంలో ఉంటుందో వేలు పెట్టి చూపించగలమా? 'మండలి విధానాల సాంస్కృతిక ప్రభావం ఏమిటి' అన్నదానికి వేలు పెట్టే చోటు లేదు.

ఐదో స్లైడ్, ఆధారాలు, పద్ధతి, రెండున్నర నిమిషాలు. ఎక్కువ సమయం ఇచ్చింది దీనికే. ఎడమవైపు మూడు ప్రశ్నలు, కుడివైపు ఒక్కోదానికి ఆధారం: మన్ పటాలు, ముఆవజా ఫైళ్లు, జరీదాలో అచ్చయిన భూసేకరణ ప్రకటనలు, మండలి వార్షిక నివేదికలు. జరీదా అంటే రాజ్యపు గెజిట్. కింద పైలట్ ఫలితం: తొమ్మిది అడిగితే ఆరు వచ్చాయి, ఆరింటిలో మూడు షికస్తా, ఫైలుకు రెండు రోజులు. చదివిన ఒక ఫైలులోని వివరాలను పట్టికలో ఎలా ఎక్కిస్తుందో ఒక వరస చూపించింది: ఇంటి నంబరు, హక్కుదారు, హక్కు రకం, అడిగింది, ఇచ్చింది, అభ్యంతరం, ఆకు సంఖ్య. ఆ ఒక్క వరస పద్ధతి మీద రాసే రెండు పేరాల కంటే ఎక్కువ చెప్పింది.

ఆరో స్లైడ్, ప్రణాళిక, నిమిషంన్నర. గాంట్ చార్టు తీసేశారు. దూరం నుంచి చూస్తే అన్ని గాంట్ చార్టులూ ఒక్కలాగే ఉంటాయి. దాని బదులు, ఏ నెలకు చేతిలో ఏముంటుందో రాసింది. మొదటి ఏడాది కోర్స్‌వర్క్, కనీసం 12 క్రెడిట్లు. దానితోపాటు షికస్తా సాధన, అచ్చులో ఉన్న జరీదా చదవడం. కష్టమైన రాత నేర్చుకునేలోపు సులువైన అచ్చుతో పని ఆగకుండా నడుస్తుంది. రెండు, మూడు సంవత్సరాలు వంద ఫైళ్లు. పద్దెనిమిదో నెలకు పత్తర్‌గట్టి అధ్యాయం ముసాయిదా. నాలుగో ఏడాది రాత. నిబంధనల్లో కనీసం మూడేళ్లు అనే ఉంది కాబట్టి మూడేళ్లలో ముగిస్తానని చాలామంది రాస్తారు. ఫైలుకు రెండు రోజుల లెక్క చూపించాక మూడేళ్లు అంటే అబద్ధం అవుతుంది.

ఏడో స్లైడ్, పరిమితులు, అర నిమిషం. దీన్ని పెట్టడానికి అభ్యర్థి మొదట ఒప్పుకోలేదు. బలహీనత మనమే చెప్పుకోవడం ఎందుకని అడిగింది. చెప్పకపోతే వాళ్లు అడుగుతారు, అప్పుడది పట్టుబడ్డట్టు ఉంటుంది. పెట్టిన పరిమితి ఒక్కటే: ముఆవజా ఫైలు హక్కుదారును చూపిస్తుంది, కిరాయికి ఉన్నవాళ్లను చూపించదు.

ప్యానెల్‌లో

తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో ముగించింది. మొదటి ప్రశ్న ఊహించినట్టే షికస్తా మీద వచ్చింది. ఒక సభ్యుడు తన దగ్గరున్న జిరాక్స్ పేజీ ఇచ్చి చదవమన్నారు. ఆమె నాలుగు వరసల్లో తేదీ, దరఖాస్తుదారు పేరు, ముఆవజా అన్న మాట పట్టుకుంది, మిగతాది రాదని చెప్పింది. ఊహించి చదవకపోవడం సరైన నిర్ణయం. మాక్‌లో ఇదే పరీక్ష పెట్టినప్పుడు తెలియని మాటలను అల్లి చెప్పింది, అది ఎంత చెడ్డగా కనిపించిందో వీడియోలో చూసుకుంది.

రెండో ప్రశ్న: "ఫైళ్లు దొరక్కపోతే?" దీనికి జవాబు తయారుగా ఉంది. తొమ్మిదికి ఆరు దొరికాయి, మూడోవంతు పోతుందన్న అంచనాతో వంద ఫైళ్లకు నూట యాభై చీటీలు లెక్కేశాను. అంతకంటే తక్కువ వస్తే రెండో ప్రశ్న వదిలేసి, జరీదా, నివేదికలతో మొదటిది, మూడోది చేస్తాను. తొమ్మిది చీటీల నుంచి తీసిన నిష్పత్తి ఎంత బలహీనమో ఒక సభ్యురాలు గుర్తుచేశారు. అభ్యర్థి ఒప్పుకుంది. చిన్న నమూనా నుంచి వచ్చిన లెక్క అని స్లైడ్ మీదే రాసి ఉంటే ఆ ముచ్చట వచ్చేది కాదు. అది తయారీలో మేం వదిలేసిన లోపం.

మూడోది కాలం మీద. 1340 ఫస్లీ దగ్గర ఎందుకు ఆపావు? ఆమె జవాబు సగమే బాగుంది. వంద ఫైళ్ల లెక్క చెప్పింది, కానీ అది ఎన్ని ఏళ్లన్నదానికే జవాబు, ఆ ఏడాదే ఎందుకన్నదానికి కాదు. 1931 జనగణన 1340 ఫస్లీలో పడుతుంది, 1911 జనగణన పని మొదలయ్యే ముందుంది. ఆ రెండూ చివర్లుగా పెట్టుకున్నానని చెప్పవలసింది. మాటల్లో అనుకున్నారు, కాగితం మీద పెట్టలేదు, గదిలో గుర్తు రాలేదు.

తర్వాత కిరాయిదారుల సంగతి. ప్యానెల్ అధ్యక్షులు పరిమితుల స్లైడ్‌ను మళ్లీ వేయించారు. "మంచిదే, నువ్వే చెప్పినవ్. కానీ ఇల్లు పోయినోళ్లల్ల ఎక్కువమంది కిరాయికి ఉన్నోళ్లే అయితే, నీ థీసిస్‌ల వాళ్లు లేకుంటే ఎట్ల?" అభ్యర్థి చెప్పింది: "వాళ్లను లెక్కపెట్టలేను సార్. కానీ యజమానులు ఎక్కువ పరిహారం కోసం తమకు వచ్చే కిరాయి ఎంతో అభ్యంతరాల్లో రాసిన చోట, ఆ ఇంట్లో ఎవరున్నారన్న జాడ దొరకొచ్చు. పైలట్‌లో చదివిన ఒక ఫైలులో అలాంటి వరస ఒకటుంది." ఆ వరస ఐదో స్లైడ్‌లోని పట్టికలో ఉంది. కానీ అభ్యంతరం అన్న గడిలో కలిసిపోయి ఉంది. సభ్యులు కాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు.

సీటు వచ్చింది, రెండు షరతులతో. మొదటి పరిశోధనా సలహా సంఘం సమావేశానికల్లా షికస్తా పేజీ ఒకటి పూర్తిగా చదివి ప్రతి రాసి చూపాలి. పట్టికలో కిరాయి, కిరాయిదారు అని రెండు గడులు విడిగా చేర్చాలి, ఖాళీగా ఉన్నా సరే. ఆరు నెలల తర్వాత అభ్యర్థి చేతిలో ఇరవై రెండు ఫైళ్లున్నాయి. కిరాయి గడి ఏడింటిలో నిండింది, కిరాయిదారు పేరు రెండింటిలో.